పెడల్ కొట్టుకుంటే కాలు తీయకండి

(కారు డ్రైవర్లు, సొంత కార్లు నడుపుకునేవాళ్ల సమావేశంలో ఒక డ్రైవింగ్ శిక్షకుడు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం.)

వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. నా గొంతు అందుతోందా? సరే.

ముందు నా పరువు నేనే తీసుకుంటాను. ఏబీఎస్, అంటే బ్రేకు గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు ఉన్న కారు మొదటిసారి కొన్నప్పటికే నేను పదేళ్లుగా డ్రైవింగ్ నేర్పుతున్నాను. ఆ కారులో ఒక వానాకాలం సాయంత్రం సూర్యాపేట వైపు నుంచి వస్తున్నాను. ముందు గడ్డి లోడుతో ఒక ట్రాక్టర్ ట్రాలీ ఉంది. వెనక లైటు లేదు, రేడియం స్టిక్కరూ లేదు. చూసేసరికే దగ్గరైపోయింది. బ్రేకు గట్టిగా తొక్కాను. కాలి కింద పెడల్ టకటకమని ఎదురు తన్నింది, గరగరమని చప్పుడు కూడా వచ్చింది. బ్రేకు విరిగిపోయిందనుకుని భయపడి కాలు తీసేశాను, మళ్లీ తొక్కాను. ట్రాలీ వెనక ఉన్న ఇనప కొక్కెం బానెట్‌లో దిగబడింది. మనుషులకేమీ కాలేదు. మర్నాడు షెడ్డులో మెకానిక్ స్కానర్ పెట్టి చూసి, "బ్రేకుకేం కాలేదు సార్, మీ కాలే తొందరపడింది" అన్నాడు.

పదేళ్లు పాఠం చెప్పినవాడికి ఆ మాట గట్టిగానే తగిలింది. అందుకే ఈ రోజు ఎక్కువసేపు ఏబీఎస్ గురించే మాట్లాడతాను. ట్రాక్షన్ కంట్రోల్ దానికి తమ్ముడి లాంటిది, దాని గురించి కొంచెం చెబితే చాలు. ఎయిర్‌బ్యాగ్‌ది వేరే వ్యవహారం, చివర్లో వస్తాను.

మీ కారు నేలను ఎంత మేర తాకుతుందో ఎప్పుడైనా చూశారా? ఒక్కో టైరు సుమారు ఒక అరచెయ్యంత మేరే తాకుతుంది. టన్ను బరువున్న కారును ఆపేదీ, తిప్పేదీ, ముందుకు లాగేదీ ఆ నాలుగు అరచేతులే. ఏబీఎస్ ఉన్నా, ఇంకేది ఉన్నా ఐదో అరచెయ్యి రాదు. ఉన్న పట్టు వృథా కాకుండా చూడడమే వాటి పని.

పట్టు వృథా అవడమంటే ఏమిటి? బ్రేకు మరీ గట్టిగా తొక్కితే చక్రం తిరగడం మానేస్తుంది. కారు మాత్రం పోతూనే ఉంటుంది. దాన్నే లాక్ అవడం అంటాం. లాక్ అయిన టైరు నేల మీద గీసుకుంటూ పోతుంది. తడి గచ్చు మీద సబ్బుబిళ్లను తోసి చూడండి. దాని మొహం ఎటు తిప్పి పెట్టినా మీరు తోసిన వైపే జారుతుంది. లాక్ అయిన ముందు చక్రాలదీ అదే కథ. స్టీరింగ్ పూర్తిగా కుడికి తిప్పినా కారు తిన్నగా వెళ్లి ఎదుటిదాన్ని గుద్దుతుంది. చక్రం దొర్లుతుంటేనే అది చూపిన దిక్కుకు కారు తిరుగుతుంది.

మరి బ్రేకు బాగా పట్టాలి, చక్రమూ దొర్లాలి. రెండూ కుదిరే చోటు ఒకటుంది. కారు 60 వేగంతో పోతుంటే చక్రం 50, 52 వేగంతో తిరుగుతున్నట్టుండాలి. అంటే కొంచెం జారుతూ, ఎక్కువ దొర్లుతూ ఉండాలి. తారు రోడ్డు మీద టైరు గరిష్ఠంగా పట్టేది దాదాపు అక్కడే. పాతకాలంలో మంచి డ్రైవర్లు బ్రేకు తొక్కుతూ వదులుతూ ఆ చోటును వెతికేవాళ్లు. మా గురువు నాకు నేర్పింది కూడా అదే. ఎంత చేయి తిరిగిన డ్రైవరైనా సెకనుకు రెండు మూడుసార్ల కంటే ఎక్కువ తొక్కి వదల్లేడు. పైగా నాలుగు చక్రాలకూ కలిపి ఒక్కటే పెడల్.

ఏబీఎస్ ఈ పనిని ఏ చక్రానికి ఆ చక్రం దగ్గర విడివిడిగా చేస్తుంది. ప్రతి చక్రం దగ్గరా పళ్లున్న ఒక రింగు, దాని పక్కనే ఒక సెన్సర్ ఉంటాయి. చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో ఆ సెన్సర్ చెబుతూనే ఉంటుంది. మిగతావాటికంటే ఒక చక్రం హఠాత్తుగా నెమ్మదించిందంటే అది లాక్ కాబోతోందని అర్థం. వెంటనే బానెట్ కింద ఉన్న వాల్వుల పెట్టె ఆ ఒక్క చక్రానికి వెళ్లే బ్రేకు ఆయిల్ ఒత్తిడిని తగ్గిస్తుంది. చక్రం మళ్లీ తిరగ్గానే ఒత్తిడి పెంచుతుంది. ఇదంతా సెకనుకు పది, పదిహేనుసార్ల దాకా జరుగుతుంది. కాలి కింద తన్నినట్టు అనిపించేది ఆ ఒత్తిడి పెరిగి తగ్గడమే, ఆ గరగర కూడా ఆ పెట్టెలోని పంపు చప్పుడే. ఇలా నాలుగు చక్రాలకూ ఎలక్ట్రానిక్‌గా పనిచేసే ఏబీఎస్‌ను బాష్ కంపెనీ 1978లో మెర్సిడెస్ ఎస్ క్లాస్ కార్లకు తెచ్చింది. మన దగ్గర కార్లన్నింటికీ తప్పనిసరి అయ్యింది మాత్రం 2019లో. అందుకే ఇప్పటికీ చాలామందికి ఆ తన్ను అలవాటు లేదు.

ఇక ఏం చేయాలో చెబుతాను. ఎమర్జెన్సీ వచ్చిందా, బ్రేకు ఒక్కసారిగా, మొత్తం బలంతో తొక్కండి. గేర్ల కారయితే క్లచ్ కూడా తొక్కేయండి, ఇంజిన్ ఆగిపోతుందన్న బెంగ ఉండదు. పెడల్ తన్నినా, చప్పుడు వచ్చినా కాలు తీయకండి, తొక్కుతూ వదులుతూ ఉండకండి. మీరు వదిలిన ప్రతిసారీ ఏబీఎస్‌కు పని లేకుండా చేస్తున్నట్టే. కాలు అలాగే నొక్కిపెట్టి, ఖాళీ ఉన్న వైపు స్టీరింగ్ తిప్పండి. ఏబీఎస్ ఇచ్చే అసలు వరం అదే, బ్రేకు వేస్తూనే పక్కకు తప్పుకోగలగడం. ఆ రోజు నా పక్క లేను ఖాళీగా ఉంది. తిప్పవచ్చన్న ఆలోచనే నాకు రాలేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. తిప్పమన్నాను కదా అని విష్ణుచక్రంలా తిప్పేయకండి. పాత కారులో భయంతో స్టీరింగ్ ఎంత తిప్పినా చక్రాలు లాక్ అయి ఉండేవి కాబట్టి కారు తిరిగేది కాదు. ఇప్పుడు తిరుగుతుంది. ఎక్కువ తిప్పితే రోడ్డు దిగి చెట్టుకో, డివైడర్ దాటి ఎదుటి బండికో తగులుతుంది. ఏబీఎస్ వచ్చిన తొలి రోజుల్లో అమెరికాలో ప్రమాదాల లెక్కలు తీస్తే, ఒంటరిగా రోడ్డు దిగిపోయిన కార్ల ప్రమాదాలు ఏబీఎస్ ఉన్న కార్లకు ఎక్కువగా కనిపించాయి. ఒక లేను మారేంత తిప్పితే చాలు, తర్వాత మళ్లీ సరిచేసుకోండి.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. అందరూ ఏబీఎస్ ఉంది కదా అనుకునే చోటే బోల్తా పడతారు. వాన పడి తడిసిన హైవే, టైర్లు మంచివే. అలాంటి రోడ్డు మీద కారు ఒక్కో సెకను గడిచేసరికి తన వేగాన్ని సెకనుకు సుమారు 5 మీటర్ల చొప్పున తగ్గించుకోగలదని అనుకుందాం. గంటకు 80 కిలోమీటర్లంటే సెకనుకు 22 మీటర్లు. ప్రమాదం కంట పడి, కాలు బ్రేకు మీదికి వెళ్లేసరికి చురుకైనవాడికి కూడా ఒక సెకను పడుతుంది. అప్పటికే 22 మీటర్లు పోయాయి. బ్రేకు పడ్డాక ఇంకో 49 మీటర్లు. మొత్తం 71 మీటర్లు. సరిగ్గా 71 మీటర్ల దూరంలో ఒక గేదె అడ్డంగా నిలబడి ఉందనుకోండి. ఆ కారు దాని ముక్కు దాకా వెళ్లి ఆగుతుంది.

అదే కారు, అదే డ్రైవరు, అదే గేదె. వేగం 100. సెకనులో 28 మీటర్లు పోయాయి, మిగిలింది 43 మీటర్లు. మొదటి కారు పూర్తిగా ఆగిపోయిన చోట ఈ కారు వేగం ఎంతుంటుంది? ఊహించండి. ఇరవై అంటున్నారు ఆయన. ముప్పై? కాదండీ, గంటకు 66 కిలోమీటర్లు. కాగితం మీద వేసి చూసుకోండి, నా మాట నమ్మక్కర్లేదు. వేగం 20 పెరిగితే గేదె దగ్గర 20 మిగలదు, 66 మిగులుతుంది. బ్రేకు పడ్డాక పోయే దూరం వేగంతో సమానంగా పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. ఈ రెండు కార్లలోనూ ఏబీఎస్ చక్కగా పనిచేసింది. టైర్లు అరిగిపోయి ఉంటే 80 మీద పోయే కారు కూడా ఆగదు, అది వేరే సంగతి.

జర్మనీలో మ్యూనిక్ టాక్సీల మీద 1980లలో ఒక పరిశీలన జరిగింది. కొన్ని టాక్సీలకు ఏబీఎస్ ఉంది, కొన్నింటికి లేదు. ప్రమాదాల్లో పెద్ద తేడా రాలేదు. ఎందుకా అని చూస్తే, ఏబీఎస్ ఉన్న డ్రైవర్లు మలుపులు ఇంకా వేగంగా తిప్పుతున్నారు, ముందు బండికి ఇంకా దగ్గరగా పోతున్నారు. యంత్రం ఇచ్చిన లాభాన్ని వాళ్లు వేగంగా మార్చుకుని ఖర్చు పెట్టేశారు. నవ్వకండి, మనమూ అంతే.

ఇంకో ముఖ్యమైన సంగతి మన ప్రాంతానిది. కోతల కాలంలో రోడ్డు మీద సగం మేర వడ్లు, మొక్కజొన్నలు ఆరబోస్తారు. దాని మీద బ్రేకు వేస్తే ఏబీఎస్ ఉన్న కారు ఏబీఎస్ లేని కారు కంటే ఎక్కువ దూరం పోవచ్చు. వదులు కంకర, ఇసుక మీదా అంతే. కారణం ఏమిటంటే, లాక్ అయిన టైరు ఆ వదులు గింజలను తన ముందు కుప్పగా తోసుకుంటుంది, ఆ కుప్పే అడ్డుకట్ట అవుతుంది. ఏబీఎస్ చక్రాన్ని తిప్పుతూనే ఉంటుంది కాబట్టి టైరు గింజల మీద దొర్లుకుంటూ పోతుంది. స్టీరింగ్ మాత్రం పనిచేస్తుంది. కాబట్టి వడ్లు కనపడగానే, వాటి మీదికి ఎక్కకముందే, తారు మీద ఉండగానే వేగం తగ్గించండి. ఎక్కాక చేసేది తక్కువ.

డాష్‌బోర్డులో ABS అని పసుపు లైటు ఉంటుంది. తాళం తిప్పగానే వెలిగి కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. అసలు వెలగకపోయినా అనుమానించండి, సెకండ్ హ్యాండ్ బండిలో బల్బు పీకేసి అమ్మేవాళ్లున్నారు. నడుస్తుండగా వెలిగి అలాగే ఉంటే ఏబీఎస్ పక్కకు తప్పుకుందని అర్థం, మామూలు బ్రేకు ఉంటుంది. అప్పుడు మీ కారు పాతకాలపు కారు అయిపోయినట్టే, చక్రాలు లాక్ అవుతాయి. నెమ్మదిగా షెడ్డుకు తీసుకెళ్లండి. చాలాసార్లు కారణం చిన్నదే. సెన్సర్‌కు బురద పట్టి ఉంటుంది, లేదా ఎలుక వైరు కొరికి ఉంటుంది, లేదా బేరింగ్ మార్చినప్పుడు రింగు పగిలి ఉంటుంది. దాంతోపాటు ఎర్రటి బ్రేకు లైటు కూడా వెలిగితే మాత్రం నడపకండి, పక్కకు తీసి ఆపేయండి.

ఒకసారి ఇంటికి వెళ్లి ఆ తన్ను రుచి చూడండి. వాన వెలిసిన ఉదయం, వెనకా ముందూ ఎవరూ లేని ఖాళీ స్థలంలో 30, 40 వేగంతో వెళ్లి పూర్తి బలంతో తొక్కి నిలబెట్టండి. కాలికి ఒకసారి తెలిస్తే ఆపదలో అది బెదరదు. నా విద్యార్థులందరితో ఇప్పుడు ఇదే చేయిస్తున్నాను. బైకులవాళ్లకు ఒక మాట. 125 సీసీ పైబడిన బైకులకు 2019 నుంచి ఏబీఎస్ తప్పనిసరి. కానీ చాలా బైకుల్లో అది ముందు చక్రానికే ఉంటుంది. వెనక చక్రం లాక్ అయి తోక ఊపుతుంది. మలుపులో బండి వంగి ఉన్నప్పుడు మామూలు ఏబీఎస్ మిమ్మల్ని పడిపోకుండా ఆపలేదు.

ట్రాక్షన్ కంట్రోల్‌కు వద్దాం. ఏబీఎస్ ఆగేటప్పుడు చక్రం జారకుండా చూస్తుంది, ఇది కదిలేటప్పుడు చూస్తుంది. అవే సెన్సర్లు, అదే పెట్టె. ఎడమ చక్రాలు బురదలో, కుడి చక్రాలు తారు మీద ఉన్నాయనుకోండి. యాక్సిలరేటర్ తొక్కితే బురదలో ఉన్నది గిర్రున తిరుగుతుంది, తారు మీద ఉన్నది కదలదు. పాపం, ఇంజిన్ బలాన్ని రెండు చక్రాలకూ పంచే డిఫరెన్షియల్ తీరే అంత, తేలిగ్గా తిరిగేవైపుకే లొంగిపోతుంది. ట్రాక్షన్ కంట్రోల్ ఉంటే గిర్రున తిరిగే చక్రానికి తనే బ్రేకు వేస్తుంది, ఇంజిన్ బలం కూడా కొంచెం తగ్గిస్తుంది. అప్పుడు బలం రెండో చక్రానికి వెళ్లి కారు బయటపడుతుంది. డాష్‌బోర్డులో జారుతున్న కారు బొమ్మ పసుపు లైటు మినుకుమినుకుమంటే అది పనిచేస్తోందని. అది చూసి ఇంకా తొక్కకండి, కాలు కొంచెం వెనక్కి తీయండి. మినుకుమనకుండా నిలకడగా వెలిగితే ఆఫ్ చేసి ఉందనో, లోపం ఉందనో.

దాన్ని మీ చేత్తో ఆఫ్ చేయాల్సిన సందర్భం ఒకటే. వాన పడ్డ నల్లరేగడి చేలో, లేదా సముద్రం ఒడ్డున ఇసుకలో దిగబడ్డప్పుడు చక్రం కొంచెం తిరిగి మట్టి ఎగరగొట్టాలి. ట్రాక్షన్ కంట్రోల్ తిరగనివ్వదు, ఇంజిన్ నీరసపడిపోతుంది. అప్పుడు బటన్ నొక్కి ఆఫ్ చేసి, రెండో గేరులో మెల్లగా ముందుకూ వెనక్కూ ఊపి బయటికి తీయండి. తారు ఎక్కగానే మళ్లీ ఆన్ చేయండి. మర్చిపోయేవాళ్లు బోలెడుమంది. ఇంకొకటి, ఘాట్ రోడ్డు దిగేటప్పుడు, మలుపులో వేగం ఎక్కువైనప్పుడు ఇది ఏమీ చేయదు. మలుపులో కారు తోక జారితే సరిచేసేది స్టెబిలిటీ కంట్రోల్, అది వేరే. కొనేటప్పుడు రెండూ ఒకటేనని చెబితే నమ్మకండి, కాగితం మీద చూసుకోండి.

ఇక ఎయిర్‌బ్యాగ్. నాలుగు అరచేతులూ ఓడిపోయి, గుద్దడం ఖాయమయ్యాక వచ్చేది ఇది. గట్టిగా ముందు నుంచి గుద్దితే సెన్సర్ నిర్ణయం తీసుకుని, లోపలి పేలుడు మందు అంటుకుని, గ్యాసు నిండి, సంచి విచ్చుకోవడానికి సెకనులో 20వ వంతు కూడా పట్టదు. కళ్లు మూసి తెరిచేలోపు అంతా అయిపోతుంది. ఆ సంచి గంటకు 300 కిలోమీటర్ల దాకా వేగంతో వస్తుంది. మెత్తటి దిండు కాదు, మెత్తగా కనిపించే పిడిగుద్దు. దూది పరుపులా ఉండేది అది పూర్తిగా నిండి, మీరు దాని మీద వాలే క్షణంలోనే. నిండుతుండగా మీ మొహం దాని దగ్గర ఉంటే దెబ్బ మీకే.

అందుకే దూరం. రొమ్ము ఎముక నుంచి స్టీరింగ్ మధ్యకు కనీసం 25 సెంటీమీటర్లు ఉండాలి, అంటే ఒక జానెడు మీద కొంచెం. పొట్టిగా ఉన్నవాళ్లు సీటు ముందుకు జరుపుకుని స్టీరింగ్‌కు అతుక్కుపోతారు. సీటు వెనక్కి జరిపి, ఎత్తు పెంచుకోండి, వీపు భాగం కొంచెం వాల్చండి. చేతులు గడియారంలో తొమ్మిది, మూడు ఉన్న చోట పట్టుకోండి. స్టీరింగ్ పైన అడ్డంగా చెయ్యేసి నడిపితే, సంచి ఆ చేతిని మీ మొహం మీదికే విసురుతుంది.

బెల్టు సంగతి ఇక్కడే వస్తుంది. ఎయిర్‌బ్యాగ్‌కున్న ఇంకో పేరులోనే ఉంది, SRS అంటే అదనపు రక్షణ. అసలు రక్షణ బెల్టు. బెల్టు లేనివాడు బ్రేకు పడగానే ముందుకు జారి, సంచి నిండుతున్నప్పుడే దాని మీదికి వస్తాడు. అలారం మోగకుండా బకిల్‌లో గుచ్చే క్లిప్పులు అమ్ముతారు చూశారూ, ఆన్‌లైన్‌లో వాటి అమ్మకాలు ఆపమని 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఆదేశించింది. మీ దగ్గర ఉంటే ఇవాళే పారేయండి. వెనక సీటువాళ్లూ పెట్టుకోవాలి. బెల్టు లేని వెనకవాడు ఎగిరి వచ్చి ముందువాడి మీద పడతాడు.

చంటిబిడ్డను ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లో కూర్చోవడం మాత్రం వద్దే వద్దు అమ్మా. సంచికీ మీకూ మధ్య ఆ బిడ్డ ఉంటాడు. వెనక్కి మొహం పెట్టే చిన్నపిల్లల సీటును కూడా, ఎయిర్‌బ్యాగ్ పనిచేస్తున్న ముందు సీట్లో పెట్టకూడదు. పిల్లలు వెనకే. గర్భిణులు బెల్టు మానేయక్కర్లేదు. కింది పట్టీ పొట్ట కిందుగా, తొడల మీదుగా రావాలి, పొట్ట మీదుగా కాదు.

ప్రశ్నలుంటే అడగండి.

"సార్, మా బావమరిది కారు ఆగి ఉన్న లారీ వెనక గుద్దింది. బానెట్ మొత్తం నుజ్జయింది. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోలేదు. కంపెనీ మోసమే కదా?"

అయ్యో. మనుషులు క్షేమమేనా? మంచిది. చూడండి బాబూ, ఎయిర్‌బ్యాగ్ కారు ఎంత నుజ్జయిందో చూడదు. వేగం ఎంత హఠాత్తుగా పడిపోయిందో చూస్తుంది. కారు ముందు బంపర్ వెనకాల గట్టి ఇనప దూలాలుంటాయి. గోడకు గుద్దితే ఆ దూలాలు తగిలి, కారు ఒక్కసారిగా ఆగి, సెన్సర్‌కు తెలుస్తుంది. లారీ బాడీ మన కారు బానెట్ కంటే ఎత్తులో ఉంటుంది. కారు దాని కిందికి దూరిపోతుంది. పైన మెత్తటి రేకు నలుగుతుంది, కింద దూలాలకు ఏమీ తగలదు, కారు కొంచెం కొంచెంగా ఆగుతుంది. పైకి చూస్తే ఘోరం, సెన్సర్ లెక్కలో మాత్రం చిన్న దెబ్బ. వెనక నుంచి ఎవరైనా గుద్దినా ముందు బ్యాగులు తెరుచుకోవు. నిజంగానే లోపం ఉందా అన్నది తేలాలంటే ఎయిర్‌బ్యాగ్ కంప్యూటర్‌లో నమోదైన సమాచారం స్కానర్‌తో తీయించాలి. గుద్దడానికి ముందు SRS లైటు వెలుగుతూ ఉందా అని కూడా అడగండి. వెలుగుతూ ఉంటే అది వాళ్ల తప్పు కాదు, పట్టించుకోని మనదే.

"ముందు బంపర్‌కు ఇనప గార్డు వేయించుకోవచ్చా సార్?"

వద్దు. 2017 డిసెంబరులోనే కేంద్రం వాటిని నిషేధించింది. గుద్దినప్పుడు దెబ్బ ఏ దారిన దూలాలకు చేరాలో కంపెనీ లెక్క కట్టి ఉంటుంది, గార్డు ఆ లెక్కను పాడు చేస్తుంది. రోడ్డు మీద నడిచేవాడికి తగిలితే వాడి సంగతి ఇక చెప్పక్కర్లేదు.

"డాష్‌బోర్డు మీద వినాయకుడి బొమ్మ ఉంచుకోవచ్చా?"

స్వామిని తప్పకుండా ఉంచుకోండి, కానీ ఎడమవైపు AIRBAG అని రాసి ఉన్న మూత మీద అంటించకండి. ఆ మూత చీల్చుకునే సంచి బయటికి వస్తుంది. పక్కన కూర్చున్న మనిషి మొహం మీదికి మొదట వచ్చేది ఆ విగ్రహమే. మధ్యలో గడియారం పక్కన పెట్టండి, బరువైన రాతి విగ్రహం కాకుండా తేలికది. అలాగే సీటు పక్క నుంచి తెరుచుకునే ఎయిర్‌బ్యాగులున్న కార్లకు మామూలు సీటు కవర్లు తొడిగించకండి. ఆ పక్కన కుట్టు విప్పుకునేలా ప్రత్యేకంగా చేసినవి దొరుకుతాయి. మీ సీటు అంచున చిన్న చీటీ మీద AIRBAG అని ఉందేమో ఇంటికి వెళ్లగానే చూసుకోండి. పైన కవరు ఉంటే ఎత్తి చూడండి.